కింది గోడలకు జిప్సం వద్దురా శ్రీనూ

చి. శ్రీనుకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు, కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్ చూశాను. కిందా పైనా అన్ని గోడలకూ జిప్సం పూత పూసేసి పది రోజుల్లో పని తేల్చేస్తానన్నాడట. మాఘమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నావు, ఆ మాట నీకు నచ్చడంలో తప్పులేదు. పైన కొత్తగా వేసిన గదుల వరకు నాకూ అభ్యంతరం లేదు. నా పేచీ అంతా కింద మీ తాతగారు సున్నంతో కట్టించిన ఇటుక గోడల దగ్గరే.

విశాఖ వన్ టౌన్‌లో ఆ కాలపు ఇళ్లు చాలావాటికి పునాది మీద చెమ్మను ఆపే పొర వేయలేదు. నేలలోని తడి ఇటుకల్లోంచి పైకి పాకుతుంది. సున్నపు పూత ఉన్నన్నాళ్లూ ఆ తడి పూతలోంచి గదిలోకి ఆరిపోయేది. ఎప్పుడో మధ్యలో దాన్ని కొట్టేసి సిమెంటు పూశారు. సిమెంటు పూత తడిని తేలిగ్గా వదలదు. బయటికి దారి దొరక్క చెమ్మ ఇంకా పైకెక్కింది. ముందు గది ఫోటోలో నడుమెత్తున తెల్లగా ఉప్పు గీత కనిపిస్తోంది కదా, అది చెమ్మ ఎక్కిన ఎత్తు. ఆ గీత కింద వేలి కణుపుతో కొట్టి చూడు. టంగుమనకుండా డొల్లగా మోగితే పూత గోడను వదిలేసినట్టే.

అయితే చెమ్మ గోడలోంచే వస్తోందా, గాలిలోంచి వస్తోందా అన్నది కూడా చూడాలి. మన ఊరి గాలికి గోడలు చెమర్చడం కొత్త కాదు. జానెడు పొడవు, జానెడు వెడల్పు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి నాలుగు అంచులా టేపు వేసి, ఒక రోజు ఆగు. లోపలి వైపు, అంటే గోడకు ఆనిన వైపు, నీటి చుక్కలు పడితే తడి గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు చెమరిస్తే గాలిలోని తేమ. రెండోదే అయితే కిటికీలు, గాలి సంగతి చూసుకుంటే చాలు, పూత మార్చక్కర్లేదు.

గోడలోంచే వస్తే జిప్సం ఎందుకు పనికిరాదో చెబుతాను. ‘జిప్సం కూడా గాలి పీల్చుకుంటుంది సార్’ అంటాడు కాంట్రాక్టర్. అబద్ధం కాదు. దానిలోంచి ఆవిరి బాగానే పోతుంది. కానీ జిప్సం నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది, తడిస్తే మెత్తబడి బలం పోతుంది. రోజూ కింద నుంచి తడి అందుతుంటే లప్పం లాగా పొడిపొడిగా రాలుతుంది. లోపల ఇనుప మేకు, పైపు ఏదైనా ఉంటే తుప్పు మరక పైకి తేలుతుంది. సున్నం అలా కాదు. ఉప్పు పూతలోనే పేరుకుని, కొన్నేళ్లకు ఆ పూతే కొంచెం కొంచెం రాలుతుంది, ఇటుక మాత్రం బాగుంటుంది. పూత మళ్లీ వేసుకోవచ్చు, ఇటుకను మార్చుకోలేం.

కాబట్టి కింద ఇలా చేయించు. ముందు బయటి వైపు డ్రైనేజీ, గోడవార మట్టి ఎత్తు, నీళ్ల పైపులు చూడు. పైపు కారుతుంటే ఏ పూతా దాన్ని ఆపదు. తర్వాత ఉప్పు గీతకు ఇంకో అడుగున్నర పైదాకా సిమెంటు పూత చెక్కించు. ఇటుకల మధ్య సందుల్లో ఊడే సున్నాన్ని అరంగుళం లోతు గీకించు. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి, నీళ్లతో కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలు కిటికీలు తెరిచి గోడను వదిలెయ్యి. అందరూ ఎగ్గొట్టేది ఇక్కడే.

సున్నం ఒకటికి ఇసుక మూడు పాళ్లు. ఆ ఇసుకలో కొంత తగ్గించి మెత్తటి ఇటుక పొడి, అంటే సుర్కీ, కలపమను. వట్టి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే గట్టిపడుతుంది. గోడ నిండా నీళ్లుంటే ఆ గాలి లోపలికి పోలేక సున్నం పచ్చిగానే ఉండిపోతుంది. సుర్కీ కలిస్తే తడిలోనూ కొంత పట్టు వస్తుంది. సున్నాన్ని ముందే నానబెట్టి సన్న జల్లెడ పట్టాలి, లేకపోతే ఉడకని పిక్కలు తర్వాత గోడలో ఉబ్బి పేలతాయి. ఇసుక సముద్రపు ఒడ్డుది అస్సలు వద్దు. దానిలోని ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటూ ఏడాది పొడవునా గోడను చెమరుస్తుంది. నాగావళి ఇసుకో, గోదావరిదో తెప్పించు.

ఒకేసారి మందంగా పూయకూడదు. మొదటి పొర అరంగుళం లోపు, రెండోది ఇంకా పలచగా, చివరగా సన్నపూత. గోరు నొక్కితే గాటు పడనంత గట్టిబడ్డాకే తర్వాతి పొర, అంటే పొరకు వారం పది రోజులు. ఎండ, ఫ్యాను నేరుగా తగలనివ్వకు, పొద్దునా సాయంత్రం సన్నగా నీళ్లు చిలకరించాలి. ఆరేటప్పుడు వెంట్రుకవాసి నెర్రెలు కనిపిస్తే కంగారు పడకు. పచ్చిగా ఉండగానే చెక్కతో అదిమితే కలిసిపోతాయి. మేస్త్రీ ఆ సమయంలో అక్కడ ఉండాలి, అంతే.

చివరికి పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేశావంటే ఇదంతా దండగ. సున్నపు వెల్లే వేయించు, కావాలంటే రంగు కలపమను.

పైన గదుల సంగతి తేలిక. కొత్త గోడలు, కింది నుంచి తడి రాదు, జిప్సం వేయించుకో. సిమెంటుకు ఏడు రోజులు నీళ్లు కొట్టాలి, రంగుకు నెలరోజులు ఆగాలి. జిప్సానికి నీళ్లు కొట్టే పనే లేదు. అరగంటలో గట్టిపడుతుంది, కానీ గట్టిపడటం వేరు, ఆరడం వేరు. మన తేమకు కనీసం వారం వదిలి, చేత్తో తాకితే చల్లగా లేదనిపించాకే లప్పం, రంగు. నీ పెద్ద గది గోడలు తలుపులు తీసేస్తే సుమారు 440 చదరపు అడుగులు. అరంగుళం మందానికి 25 కిలోల బస్తా 20 చదరపు అడుగుల దాకా వస్తుంది, 22 బస్తాలు పడతాయి. పడమటి గోడకు మాత్రం బయట ప్లాస్టరింగ్, రంగు పూర్తయ్యాకే లోపల పెట్టించు. 2014 హుద్‌హుద్‌లో గాలి వానను గోడల్లోకి ఎలా కొట్టిందో నీకూ తెలుసు.

బాత్రూమ్, సింకు గోడలకు సిమెంటే, ఒకటికి ఆరు. అవి ముందు చేయించు, క్యూరింగ్ నీళ్లు జిప్సం మీద పడకుండా. పూత పచ్చిగా ఉండగా వట్టి సిమెంటు చల్లి తాపీతో నునుపు చేస్తామంటారు, ఒప్పుకోకు. సాలెగూడులాంటి సన్న బీటలు చాలావరకు దాని వల్లే. స్తంభం, ఇటుక కలిసే చోట మాత్రం ఏ పూతైనా బీట వస్తుంది, జిప్సం కుంచించుకోకపోయినా సరే. అక్కడ చికెన్ మెష్ అనే సన్న ఇనుప వలను రెండు పక్కలా జానెడు పరిచి పూయమను. కరెంటు పైపుల కోతలకూ అంతే.

బస్తాల మీద తయారీ తేదీ నువ్వే చూసుకో. మన తేమకు పాతబడిన జిప్సం కలిపిన వెంటనే బిగుసుకుంటుంది. అప్పుడు మేస్త్రీ మళ్లీ నీళ్లు పోసి మెత్తన చేస్తాడు. అలా చేసిన తట్టను పక్కన పడేయించు, గోడకెక్కనివ్వకు.

కింద పూత చెక్కడం ఈ వారంలోనే మొదలుపెట్టిస్తే మాఘానికి అందుకుంటావు. పై గదులు ఆఖర్న చేసుకోవచ్చు. పూత చెక్కాక ఇటుకలు ఎలా ఉన్నాయో దగ్గర నుంచి ఫోటో తీసి పంపు.

మీ మావయ్య