బి6 ఎక్కువైతే కాళ్ల తిమ్మిర్లు వస్తాయా?

ప్రశ్న: "నాకు 36 ఏళ్లు. షుగర్ లేదు. అయినా కొన్ని నెలలుగా అరికాళ్లలో మంట, తిమ్మిర్లు. ఎనర్జీ పొడి, మల్టీవిటమిన్ రోజూ వాడుతున్నాను. బి6 ఎక్కువైనా ఇలా అవుతుందంటున్నారు. నీళ్లలో కరిగే విటమిన్ మూత్రంలో పోదా?"

పోతుందండి, కానీ మొత్తం పోదు. రోజూ ఎక్కువగా పడుతుంటే ఒంట్లో నిల్వ పెరిగి, స్పర్శను మోసే నరకణాలను దెబ్బతీస్తుంది. వెన్నుపాముకు ఆనుకొని ఉండే ఆ కణాల తీగల్లో పాదాలకు వెళ్లేవే అన్నిటికన్నా పొడవు. అందుకే బాధ సాధారణంగా పాదాల్లో మొదలవుతుంది.

మా బావమరిది రాయగడలో ఉంటాడు, రాత్రి షిఫ్టు ఉద్యోగం. నిద్ర ఆపుకోవడానికి ఎనర్జీ పొడి రెండు స్కూపులు, జిమ్‌లో ఎవరో చెప్పారని విదేశీ మల్టీవిటమిన్ ఒకటి. కాళ్లు తిమ్మిరెక్కితే మందుల షాపులో "నరాల బలానికి" అంటూ మాత్రలు ఇచ్చారు, రోజుకు రెండు. వాటిలోనూ బి6 ఉంది! తిమ్మిరి పెరిగేకొద్దీ ఆ మాత్రల మీద నమ్మకమూ పెరిగింది.

కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే తూలుతున్నానని చెప్పాక విశాఖపట్నంలో నరాల డాక్టర్‌కు చూపించాం. డబ్బాలన్నీ తెమ్మన్నారు. పొడిలో స్కూపుకు 10 మి.గ్రా. చొప్పున 20, మల్టీవిటమిన్‌లో 25, నరాల మాత్రల్లో 10 చొప్పున 20. మొత్తం 65. పెద్దలకు కావలసింది సుమారు రెండు మి.గ్రా. అమెరికా గరిష్ఠ పరిమితి 100 అంటుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12కు దించింది. 50 లోపు మోతాదుకే నరాలు దెబ్బతిన్నవారూ ఉన్నారు. అందుకే "వంద దాటలేదుగా" అన్న ధీమా నాకు నచ్చదు.

మీరూ లేబుళ్లు చూసి కూడండి. పిరిడాక్సిన్ అని రాసి ఉన్నా అది బి6నే. పొడి డబ్బాపై లెక్క వంద గ్రాములకా, స్కూపుకా అన్నది గమనించండి. రక్తంలో బి6 పరీక్ష చేయించాలంటే ఆలస్యం వద్దు. ఆపిన కొన్ని వారాలకు స్థాయి పడిపోయి కారణం కనబడకపోవచ్చు. బి12, థైరాయిడ్ కూడా చూడాలి, ఇవే లక్షణాలు బి12 లోపం వల్లా, థైరాయిడ్ సమస్య వల్లా వస్తాయి. మావాడి నరాల పరీక్షలో స్పర్శ సంకేతాలు బలహీనంగా, కండరాలను కదిలించేవి మామూలుగా ఉన్నాయి. బి6 దెబ్బలో తరచూ కనిపించే తీరు అదే.

మూడూ ఆపాక మొదటి రెండు వారాలు మంట ఇంకాస్త పెరిగింది. అలా జరగవచ్చని డాక్టర్ ముందే చెప్పకపోతే మళ్లీ మాత్రలు మింగేవాడే. తర్వాత నెలల మీద తగ్గింది. బొటనవేళ్లలో మొద్దుబారడం కొంత మిగిలింది.

టీబీకి ఐసోనియాజిడ్ వాడేవారికి మాత్రం నరాల రక్షణకే డాక్టర్లు బి6 ఇస్తారు. మీరు అలాంటి చికిత్సలో ఉంటే ఆ మాత్ర సొంతంగా ఆపకండి.