స్నేహితుడికి రాసే మెయిల్ నుంచి పరీక్షలో రాసే అధికారిక లేఖకు

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. కెనడా వెళ్ళడానికి ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ పరీక్షకు తయారవుతున్నాను. స్నేహితులకు రాసే లేఖ బాగానే వస్తుంది. మేనేజర్‌కు రాసే లేఖ మాత్రం టోన్ కుదరలేదని కోచింగ్‌లో మా సార్ తిప్పి కొడుతున్నారు. ప్రతి మాటకూ బదులు పెద్ద మాట వేయాలా?

జవాబు: అక్కరలేదండీ. మాటలను పెద్దవి చేయడం వల్లనే చాలామంది లేఖలు పాడవుతున్నాయి. తిరుపతిలో నా దగ్గరకు వచ్చే అభ్యర్థుల కాగితాలలో నేను తరచుగా చూసే పొరపాటు ఇదే. మార్చవలసింది ముఖ్యంగా అడిగే తీరు.

మన భాషలోనే చూడండి. తమ్ముడితో "చూసి చెప్పు" అంటాము. అదే సంగతిని కార్యాలయానికి రాసేటప్పుడు "పరిశీలించి తెలియజేయగలరు" అని రాస్తాము. అక్కడ ఆజ్ఞ పోయి, ఎదుటివారి వీలును బట్టి చేసే మనవి వచ్చింది. ఇంగ్లీషులోనూ జరిగేది ఇంచుమించు ఇదే. కాబట్టి ఈ మార్పు మీకు కొత్త కాదు, అక్కడ దానికి వాడే రూపాలు తెలిస్తే చాలు.

ఒక ప్రశ్నను తీసుకుందాము. మీరు బస చేసిన హోటల్ గదిలో ల్యాప్‌టాప్ ఛార్జర్ మరచిపోయారు, మేనేజర్‌కు లేఖ రాయాలి. స్నేహితుడి గదిలో మరచిపోయి ఉంటే మీరు "కెన్ యు చెక్ ఇఫ్ ఇట్స్ స్టిల్ దేర్?" అని రాసేవారు. మేనేజర్‌కు "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ చెక్ వెదర్ ఇట్ హ్యాజ్ బీన్ ఫౌండ్" అని రాయాలి. చెక్ అనే చిన్న మాట రెండింటిలోనూ అలాగే ఉందని గమనించండి. ముఖ్యంగా మారినవి మూడు: "కెన్ యు" అన్న సూటి ప్రశ్న "మీరు చేయగలిగితే కృతజ్ఞుణ్ణి" అన్న షరతు వాక్యమైంది, "ఇట్స్" అన్న కుదింపు పోయింది, "అది ఇంకా అక్కడే ఉందా" అన్నది "అది దొరికిందా" అన్న కర్మణి రూపంలోకి మారి, ఎవరికి దొరికింది అన్న ప్రస్తావన లేకుండా పోయింది.

మొదటి వాక్యం కూడా ఇలాగే. "జస్ట్ ఎ క్విక్ నోట్ టు సే" అంటూ స్నేహితుడికి మొదలుపెట్టేవారు, ఇక్కడ "ఐ యామ్ రైటింగ్ టు రిపోర్ట్ ద లాస్ ఆఫ్ మై ల్యాప్‌టాప్ ఛార్జర్" అని ఉద్దేశాన్ని ఆ వాక్యంలోనే చెప్పివేయాలి. చివరలో "లెట్ మి నో సూన్!" బదులు "ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు" వస్తుంది. అక్కడ "హియర్" అని రాసేవారు చాలామంది. అది వ్యాకరణ దోషంగా లెక్కకు వస్తుంది.

ఇక రెండో వైపు ప్రమాదం ఉంది, మన ప్రాంతం పిల్లలకు ఇదే ఎక్కువ. బడిలో లీవ్ లెటర్ రాసిన అలవాటుతో "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి, "కైండ్లీ డు ద నీడ్‌ఫుల్" అని ముగిస్తారు. మన ఆఫీసుల్లో అది చెల్లుతుంది గానీ, మీరు ఏం కోరుతున్నారో అందులో లేదు. ఛార్జర్‌ను కొరియర్‌లో పంపమంటారా, మీరు వచ్చి తీసుకుంటారా, ఖర్చు ఎవరు భరిస్తారు? ఆ మాట స్పష్టంగా రాయండి. సంబోధన ఎలా ఉండాలో సాధారణంగా ప్రశ్నలోనే ఇస్తారు, దాన్నే దించండి. "డియర్ సర్ ఆర్ మేడమ్" అని ఉంటే ముగింపు "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ". ఇంటిపేరుతో సంబోధిస్తే "యువర్స్ సిన్సియర్లీ". చిరునామా అవసరం లేదు.

మార్కుల సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే మీ సార్ పట్టుబట్టడానికి కారణం అందులో ఉంది. ఈ లేఖకు కనీసం 150 పదాలు, సుమారు 20 నిమిషాలు. టోన్‌ను టాస్క్ అచీవ్‌మెంట్ అనే అంశం కింద చూస్తారు. టోన్ మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా, సందర్భానికి తగినట్టు ఉండడం ఆ అంశంలో 7వ బ్యాండ్ వర్ణన. అక్కడక్కడా తడబాటు ఉండవచ్చునన్నది 6వ బ్యాండ్ వర్ణన. అంటే మూడు పేరాలు చక్కగా నడిపి, నాలుగో పేరాలో "బై ద వే, థ్యాంక్స్ ఎ లాట్!" అని జారితే ఆ తేడా అక్కడే తెలిసిపోతుంది.

కాబట్టి వారం పాటు ఇలా చేయండి. ప్రశ్నలో అడిగిన మూడు అంశాలనూ ముందు స్నేహితుడికి ఐదారు వాక్యాలలో రాయండి. ఆ కాగితం పక్కనే మేనేజర్‌కు రాసి, ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఈ మాటను ఫోన్‌లో స్నేహితుడితో అనగలనా అని ప్రశ్నించుకోండి. అనగలిగితే దాన్ని తిరగరాయండి. రాయడం పూర్తయ్యాక కుదింపు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు మిగిలాయేమో ఒకసారి వేలితో వెతకండి. పరీక్షలో చివరి రెండు నిమిషాలు కూడా ఆ వెతుకులాటకే ఉంచుకోండి.