షాపులు తిరిగే ఉద్యోగమా, హైదరాబాద్ కోర్సా?

"సార్, మాది రావులపాలెం. మావాడికి అమలాపురంలో బీబీఏ అయిపోయింది. ఒక కొత్త పేమెంట్ యాప్ కంపెనీ వాళ్ళు ఊళ్ళో షాపులు తిరిగి యాప్‌లో చేర్పించే ఉద్యోగం ఇస్తామన్నారు. వాడేమో రోజర్స్ థియరీ అని చదివాడట, మొదట కొంతమంది చేరితే వెనకాలే ఊరంతా వచ్చేస్తుంది, మంచి ఫ్యూచర్ అంటున్నాడు. డిగ్రీ చదివించి ఎండలో తిప్పడమేంటని నా బాధ. హైదరాబాద్‌లో డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేర్పిస్తే మేలు కదా?"

ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీవాడు పాడైపోయే దారిలో లేడండి. కాకపోతే వాడు థియరీని సగమే చదివాడు, మీరేమో ఎండనే చూస్తున్నారు.

వాడు చెప్పే లెక్కను మీ ఊరికే వేసి చూద్దాం. మెయిన్ రోడ్డులో 200 షాపులు ఉన్నాయనుకోండి. కొత్తవి జనంలోకి ఎలా పాకుతాయో రాసిన ఎవరెట్ రోజర్స్ 1962లో పెట్టిన వాటాల ప్రకారం మొదటి 2.5 శాతం, అంటే 5 షాపులు, కొత్తది ఏదొచ్చినా ముందు ఎగబడేవాళ్ళు. తర్వాత 13.5 శాతం, 27 షాపులు, తొందరగా అందుకునేవాళ్ళు. ఆ తర్వాత 68 మంది నలుగురిని చూసి చేరేవాళ్ళు, ఇంకో 68 మంది తప్పదనుకున్నాక చేరేవాళ్ళు, చివరి 32 మంది అందరికన్నా ఆఖర్న కదిలేవాళ్ళు. పుస్తకంలో చూడ్డానికి చక్కగా ఉంటుంది. కానీ ఈ శాతాలు ఏ ఊళ్ళోనో లెక్కపెట్టి తెచ్చినవి కావు. ఎవరు ఎప్పుడు చేరారో గీస్తే గంట ఆకారంలో వచ్చే గీతను సగటు దగ్గర, దానికి అటూ ఇటూ సమాన దూరాల్లో కోస్తే వచ్చిన ముక్కలవి. అందరూ చేరిపోయాక వెనక్కి తిరిగి చూసి పెట్టుకున్న పేర్లు. అసలు అందరూ చేరతారా లేదా అన్నది ఆ గీత చెప్పదు. మీవాడు జారిపోతున్నది ఇక్కడే.

కొత్తది వస్తే ముందు సెల్ రిపేర్ షాపు కుర్రాడు పెట్టేస్తాడు. వాడి ఫోన్లో ఇప్పటికే ఆరు యాప్‌లుంటాయి. అంతమాత్రాన పక్క షాపువాళ్ళు కదలరు, "వాడికిదంతా సరదాలే" అంటారు. రోజర్స్ కూడా ఇదే చెప్పాడు, మొదట ఎగబడేవాళ్ళ మాటకు సొంత ఊళ్ళో విలువ తక్కువని. ఊరు వినేది రెండో వరస మాట. ఎరువుల కొట్టాయనో, మందుల షాపాయనో, ఏదైనా కొనేముందు "ఏవండీ, ఇది పనిచేస్తోందా?" అని నలుగురూ అడిగే మనిషి. ఆ 27 మందిలో అలాంటి నలుగురైదుగురు ఎవరో తెలిసినవాడే ఈ పనిలో నెగ్గుకొస్తాడు, మిగతావాళ్ళు చెప్పులరగదీసుకుంటారు. అమెరికాలో ఐయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న మీద రయన్, గ్రాస్ అనే పరిశోధకులు 1943లో అచ్చువేసిన పరిశీలనలో కూడా ఇదే బయటపడింది: విత్తనం సంగతి సేల్స్‌మన్ చెవినేశాడు, వేయించింది మాత్రం పక్క రైతు.

ఇక చివర్లో చేరేవాళ్ళు. వీళ్ళని మొండివాళ్ళని కొట్టిపారేస్తే పని తెలియనట్టే. మార్కెట్ యార్డు దగ్గర అరటిపళ్ళ బండి పెట్టుకున్న అమ్మనే తీసుకోండి. తెల్లవారుజామున గెలలు కొనడానికి ఆమెకు చేతిలో నోట్లు కావాలి, హమాలీకి అప్పటికప్పుడు డబ్బులివ్వాలి. సాయంత్రం కస్టమర్లు ఫోన్లో కొట్టినదంతా కొడుకు అకౌంట్లోకి పోతే, పొద్దున్న ఆ డబ్బు చేతికొస్తుందో రాదో ఆమెకు తెలియదు. పైగా ఎవడో పాత స్క్రీన్‌షాట్ చూపించి పళ్ళు పట్టుకుపోతాడని భయం. ఇందులో మూర్ఖత్వం ఎక్కడుందండీ? ఆమెకు కావాల్సింది తన సొంత అకౌంటు, డబ్బు పడగానే తెలుగులో గట్టిగా చెప్పే డబ్బా. ఆ గొంతు పక్క బండికి కూడా వినిపిస్తుంది, అది ఇంకో లాభం. పక్కవాళ్ళ కళ్ళకు, చెవులకు అందేదే త్వరగా పాకుతుందని థియరీలో ఉన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. మీవాడు అమ్మబోయేది నిజంగా కొత్తదేనా? యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైంది, ఆ నవంబర్‌లో నోట్ల రద్దుతో ఊపందుకుంది. అప్పుడు షాపువాడికి లాభం కళ్ళకు కట్టినట్టుండేది: చేతిలో నోట్లు లేని కస్టమరు కూడా కొనగలిగాడు, చిల్లర గొడవ పోయింది. ఇప్పుడు గోడ మీద అంటించిన ఒక్క యూపీఐ క్యూఆర్‌ను ఏ యాప్‌తోనైనా స్కాన్ చేయొచ్చు. కొత్త యాప్ వాడి స్టిక్కర్ అంటిస్తే షాపాయనకు అదనంగా ఒరిగేదేంటి? ఏమీ లేకపోతే యాభైయో వందో క్యాష్‌బ్యాక్ కోసం చేరతాడు, ఆ డబ్బు పడిన మర్నాటి నుంచి పాత యాపే. అలాంటి చేరికలతో మొదటి నెలలో గీత నిటారుగా లేస్తుంది, ఆఫీసులో చప్పట్లు కొడతారు. రెండో నెలలో అదే 200 షాపుల్లో 90 చేరాయనుకోండి, ఒక వారంలో మూడు రోజులైనా వేరువేరు కస్టమర్ల నుంచి డబ్బు తీసుకున్నవి 15 ఉంటే, నిజంగా అందుకున్నది ఆ 15 మందే. వాళ్ళలో ఎరువుల కొట్టాయన ఉన్నాడా లేడా అన్నది 90 అనే అంకె కన్నా ముఖ్యం.

ఇప్పుడు మీ డిజిటల్ మార్కెటింగ్ కోర్సు. ఇది రాసినందుకు కొంతమంది ఇన్‌స్టిట్యూట్ల వాళ్ళు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి. మూడు నెలల్లో నేర్పే ప్రకటనలు పెట్టడం, లైకులు లెక్కపెట్టడం యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి. ఆ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగే పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు, "ఒక షాపాయన ఎందుకు వద్దన్నాడో చెప్పు" అంటే నోరు పెగలదు. కోర్సు చెడ్డదని కాదు, ఎవరికి ఏం అమ్ముతున్నామో తెలిశాక నేర్చుకుంటే పనికొస్తుంది. ముందే చేరితే ఫీజు, హాస్టల్ ఖర్చు మీవి, అనుభవం ఇంకెవరిదో.

కొంచెం కటువుగా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. మీ బాధ ఎండ గురించి కాదు, పెళ్ళిళ్ళలో బంధువులు "మీవాడేం చేస్తున్నాడు?" అంటే ఏం చెప్పాలన్నది. కొబ్బరి, అరటి వ్యాపారాలతో నిలబడ్డ ప్రాంతంలో ఉంటూ, మార్కెట్‌లో తిరిగి నేర్చుకునే పనిని తక్కువ చేస్తే ఎలాగండీ? ఇరవై ఒక్క ఏళ్ళవాడు ఒక ఏడాది ఊరి బజారును చదివితే ఎంబీఏ తలుపులేమీ మూసుకుపోవు, ఇంటర్వ్యూలో చెప్పడానికి నాలుగు ముక్కలుంటాయి.

అలాగని కళ్ళు మూసుకుని చేర్చేయమనడం లేదు. చేరేముందు వాడిని కంపెనీ వాళ్ళని రెండు సంగతులు అడగమనండి. ఇన్సెంటివ్ చేర్పించిన షాపు లెక్కన ఇస్తారా, నెల తర్వాత కూడా వాడుతున్న షాపు లెక్కనా? మొదటిదే అయితే దొంగ లెక్కలు రాయడమే పని అవుతుంది, వదిలేయమనండి. రెండోది, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాంకు అకౌంట్ నుంచి చేసే యూపీఐ చెల్లింపు మీద షాపువాడి దగ్గర ఛార్జీ తీసుకోకూడదని 2020 జనవరి నుంచి రూలు, కాబట్టి ఇలాంటి కంపెనీలు సౌండ్ బాక్స్ అద్దె మీదో, షాపులకు అప్పులు ఇప్పించడం మీదో బతకాలి. అప్పులు అంటగట్టే పని కూడా మీవాడి నెత్తినే ఉంటే, సొంత ఊళ్ళో వసూలు రోజున మొహం చూపించాల్సింది వాడే. ఆ పని వాడిదో కాదో ఆఫర్ లెటర్‌లో రాయించుకున్నాకే సంతకం పెట్టమనండి.