జలుబుకి ఒకే టీకా ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న: పోలియోకి టీకా ఉంది, తట్టుకి ఉంది. ఏటా రెండు మూడుసార్లు పట్టే జలుబుకి మాత్రం ఎందుకు లేదు?

తట్టు ఒకే వైరస్ వల్ల వస్తుంది. జలుబు అలా కాదు. ముక్కు, గొంతు లోపలి పొరలో చేరే రకరకాల వైరస్‌లు ఇంచుమించు అవే తుమ్ములు, అదే ముక్కు కారడం తెప్పిస్తాయి. వీటిలో ఎక్కువగా పట్టేది రైనోవైరస్. దానిలోనే 160కి పైగా రకాలున్నాయి.

అసలు చిక్కు దాని పైతొడుగులో ఉంది. చాలా రకాల్లో ఆ తొడుగు మీద సన్నని లోయలాంటి గాడి ఉంటుంది. మన కణాన్ని పట్టుకునేది ఆ గాడి అడుగుభాగమే, అందుకే అది పెద్దగా మారదు. మన యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది మాత్రం గాడి అంచుల్ని, చుట్టూ ఉన్న గుట్టల్ని. అవి రకానికో తీరుగా ఉంటాయి. అందుకే ఈ నెల వచ్చిన జలుబు నేర్పిన రక్షణ వచ్చే నెల వచ్చే వేరే రకానికి సాధారణంగా పనిచేయదు.

మరి అన్ని రకాల్నీ ఒకే సూదిలో కలిపేస్తే? అమెరికా పరిశోధకులు 2016లో 50 రకాలు కలిపి కోతులకిచ్చారు. 49 రకాలను అడ్డుకునే యాంటీబాడీలు వచ్చాయి. ఆశ పుట్టించే ఫలితమే. కానీ మిగతా వందకు పైగా రకాలు అందులో లేవు. వాటిలో శాస్త్రవేత్తలు సి అని పిలిచే గుంపులోని రకాలు మామూలు ల్యాబ్ కణాల్లో పెరగవు, కాబట్టి పెంచి, చంపి టీకాలో కలపడమే కష్టం.