ముప్పై సెకన్ల మాట: యానిమేషన్ ప్రకటనకు వాయిస్ ఓవర్ రాసే యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఓఆర్ఎస్ ప్యాకెట్టు వాడకం గురించి నీవు పంపిన ముప్పై సెకన్ల స్క్రిప్టు చదివాను. విషయంలో ఎక్కడా తప్పు లేదు, కానీ గడియారం పెట్టుకుని పైకి చదివితే నలభై సెకన్లు దాటుతోంది. నీవు మాటలను లెక్కపెట్టినట్టున్నావు. తెలుగులో ఒక్కొక్క మాట రెండక్షరాల నుంచి పది అక్షరాల దాకా సాగుతుంది కనుక ఆ లెక్క మనకు పనికిరాదు. అక్షరాలను లెక్కపెట్టు. ఒత్తులు ఎన్ని ఉన్నా అక్షరం ఒకటే, పొల్లు హల్లును విడిగా లెక్కించనక్కరలేదు. కథ చెప్పే వాక్యానికి సెకనుకు ఆరు, తల్లి విని గుర్తుంచుకుని చేయవలసిన వాక్యానికి ఐదు చొప్పున నేను వేసుకుంటాను.

అంకెల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. నీవు "24 గంటల తరువాత మిగిలిన ద్రావణాన్ని వినియోగించరాదు" అని రాశావు. కాగితం మీద 24 రెండంకెలే అయినా నోటితో పలికితే "ఇరవై నాలుగు" ఆరు అక్షరాలు. వాక్యం మొత్తం 28 అక్షరాలకు చేరి, ఐదు సెకన్ల షాటులో ఐదున్నర సెకన్లకు పైగా అడుగుతోంది. "ఇరవై నాలుగు గంటలు దాటితే మిగిలింది పారబోయండి" అంటే 21 అక్షరాలతో నాలుగు సెకన్లకు కొంచెం పైన ముగుస్తుంది. పైగా ఇంట్లో ఎవరూ ద్రావణం అనరు.

నీ విషయాన్నే షాట్లుగా విడగొట్టి చూపిస్తాను. మొదటి ఐదు సెకన్లు నీరసంగా పడుకున్న పాపవి. ఒక సెకను గొంతు లేకుండా బొమ్మను చూడనిచ్చి, ఆ తరువాత "పాపకు పొద్దుట్నుంచి విరేచనాలు. ఒంట్లో నీళ్లు తగ్గిపోతున్నాయి" అనాలి. తరువాతి నాలుగు సెకన్లకు "కాచి చల్లార్చిన నీళ్లు సరిగ్గా ఒక లీటరు", ఆపై నాలుగుకు "అందులో ప్యాకెట్టు మొత్తం పోసి బాగా కలపండి", ఐదుకు "విరేచనం అయినప్పుడల్లా కొంచెం కొంచెంగా తాగించండి", మరో ఐదుకు పారబోసే వాక్యం, నాలుగుకు "పాప నీరసం తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి" వస్తాయి. చివరి మూడు సెకన్లు ప్యాకెట్టు బొమ్మకు, శాఖ గుర్తుకు వదిలేయాలి. అంతా కలిపి 111 అక్షరాలు, అంటే గొంతు వినిపించేది సుమారు 22 సెకన్లు. మిగిలిన ఎనిమిదీ ఊపిరికి, బొమ్మకు, చప్పుళ్లకు.

తాగించే వాక్యం 19 అక్షరాలే అయినా దానికి పూర్తిగా ఐదు సెకన్లు ఎందుకిచ్చానో గమనించు. "కొంచెం కొంచెంగా తాగించండి" అనే భాగంలో చివరి అక్షరం తప్ప అన్నీ గురువులే. ఛందస్సులో గురువుకు రెండు మాత్రలని చదువుకున్నావు కదా, స్టూడియోలో కూడా అది నిజమే. లఘువులు ఎక్కువగా ఉన్న వాక్యం లెక్క కంటే ముందు ముగుస్తుంది, గురువులు కూడిన వాక్యం వెనకబడుతుంది. లెక్క సరిపోయినా వాక్యం షాటు దాటుతోందంటే మొదట చూడవలసింది ఇదే.

కలిపే షాటు దగ్గర ఇంకొంచెం ఆగాలి. మన వాక్యంలో క్రియ చివరన వస్తుంది. ఆ వాక్యంలో "పోసి" అనే మాట రెండో సెకను సమీపంలో, "కలపండి" దాదాపు 2.4 సెకన్ల దగ్గర పడుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఇది షాటులో అరవయ్యో ఫ్రేము. గరిటె అక్కడ తిరగడం మొదలుపెట్టాలి. యానిమేటరు షాటు మొదట్లోనే గరిటె తిప్పితే, చెవి ప్యాకెట్టు అంటుండగా కన్ను కలపడం చూస్తుంది; చూసేవారు ఆ రెండింటిలో ఒకటి వదిలేస్తారు. వదిలేసేది "మొత్తం" అయితే ప్రమాదం. లీటరు ప్యాకెట్టులో సగమే పోస్తే పానీయం పలచనై పని చేయదు, మొత్తం ఒక్క గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పాపకు హాని. అందుకే "మొత్తం" పలికే క్షణంలో ప్యాకెట్టు పూర్తిగా బోర్లా పడి ఖాళీగా కనిపించాలని స్క్రిప్టులో పక్క వరుసలో రాసిపెట్టు. మార్కెట్టులో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి కనుక, గీయించే ప్యాకెట్టు మీద "1 లీటరుకు" అని కనిపించేటట్టు చూడు.

బొమ్మలు గీయడం మొదలుకాక ముందే నీ గొంతుతో ఫోనులో ఒక కచ్చా రికార్డింగు చేసి యానిమేటరుకు ఇవ్వు. వారు దాని మీద స్థిర చిత్రాలు పేర్చి చూస్తే ఏ వాక్యం పొంగిపొర్లుతోందో ఆ రోజే తెలుస్తుంది. రంగులు వేసిన తరువాత మాట మారిస్తే కదలిక మొత్తం మళ్లీ గీయాలి. అప్పుడు అందరూ చూసే దగ్గరిదారి రికార్డయిన గొంతు వేగం పెంచడం. దానికి ఒప్పుకోకు, "చల్లార్చిన" లాంటి మాటల్లో ఒత్తులు నలిగిపోయి, మొదటిసారి వినేవారికి అర్థం కావు. వేగానికి బదులు మాట తీసేయి. అవసరమైతే మొదటి షాటులో "పొద్దుట్నుంచి" తీసేసినా కథ నిలుస్తుంది. "సరిగ్గా", "మొత్తం" మాత్రం ఎవరు అడిగినా వదలకు.

సవరించిన ప్రతితో పాటు కచ్చా రికార్డింగు కూడా పంపించు.

ఆశీస్సులతో.