వేర్వేరు సమయాల్లో రాసిన అధ్యాయాలను ఒక్క థీసిస్‌గా కలపడం

ప్రశ్న: అన్నా, నాది తెలుగులో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ, మక్తల్ వైపు ఆడవాళ్లు పాడే పని పాటల మీద. మొదటి రెండు అధ్యాయాలు సినాప్సిస్ టైమ్‌లో డీటీపీ సెంటర్లో అను ఫాంటులో కొట్టించిన. పాటలు 2018లో రికార్డ్ చేసిన. ఒక అధ్యాయం సెమినార్ పేపర్ నుంచి తీసుకున్నది, మిగతావి ఈ మధ్య రాసినవి. గైడ్ మేడమ్ చూసి “ముగ్గురు రాసినట్టుంది” అన్నారు. మాటలు, స్పెల్లింగులు, కాలాలు ఎట్ల ఒక్కటి చెయ్యాలె?

జవాబు: తమ్మీ, నేనూ కలుపు పాటల మీదే చేసిన, వనపర్తి వైపు. ముందు ఫాంటు, తర్వాత పారిభాషిక పదాలు, తర్వాత స్పెల్లింగు, అన్నిటికన్నా చివర కాలం. ఈ వరుస తప్పితే ఒకే పేజీని మళ్లీ మళ్లీ దిద్దుకోవాల్సి వస్తది.

ఫాంటు సంగతి ముందెందుకంటే, అనులో ఉన్న ‘పాట’ను, యూనికోడ్‌లో కొట్టిన ‘పాట’ను కంప్యూటర్ ఒకే మాటగా గుర్తించదు. ఒక మాట సెలెక్ట్ చేసి ఫాంటు గౌతమికి మార్చి చూడు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనబడితే అది పాత అను. ఆ రెండు అధ్యాయాలను కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి తెచ్చుకో, తర్వాత పాత ప్రింటు పక్కన పెట్టుకుని చదువు. వత్తులు, గుణింతాలు అక్కడక్కడా చెదిరి ఉంటాయి. యూనికోడ్‌లోనూ ఒక చిక్కుంది. ‘మహబూబ్‌నగర్’లో బ, న విడివిడిగా కనబడాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం ఉండాలి. ఒక అధ్యాయంలో అది ఉండి ఇంకోదాంట్లో లేకపోతే సెర్చ్‌లో సగమే దొరుకుతాయి. ఫైండ్ బాక్సులో మాటను కొత్తగా కొట్టకుండా ఆయా అధ్యాయం నుంచే కాపీ చేసి వెతుకు.

ఇక పదాలు. ఒక తెల్లకాగితం మీద అధ్యాయాల వారీగా రాసుకో, ఒకే సంగతికి ఎక్కడ ఏ పేరు వాడినవో. నీ సినాప్సిస్‌లో ‘శ్రామిక గేయాలు’, సెమినార్ పేపర్లో ‘శ్రమ గీతాలు’, ఇప్పుడు ‘పని పాటలు’ ఉండి ఉంటాయి. ఈ మూడూ ఒకటే అయితే ఒకటి పెట్టుకుని మొదటి అధ్యాయంలో నిర్వచనం ఇవ్వు. కానీ ఒకేలా కనబడేవన్నీ ఒకటి కావు. ‘గాయని’, ‘సమాచారదాత’ అని రెండు మాటలు కనబడితే తొందరపడి కలపొద్దు. పాట సందర్భం చెప్పిన ముసలామె ఆ పాట పాడకపోయి ఉండవచ్చు. అప్పుడు రెండూ ఉండాలి, తేడా ఒకసారి చెప్పాలి.

ఊళ్ల పేర్లకు కూడా ఇదే పని. నువ్వు రికార్డ్ చేసినప్పుడు మక్తల్ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది. నారాయణపేట జిల్లా ఏర్పడింది 2019 ఫిబ్రవరిలో. పాత అధ్యాయంలో ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అంటే 2016 అక్టోబరుకు ముందరి పెద్ద జిల్లా కావచ్చు, దాని తర్వాతిది కావచ్చు. ఉమ్మడి జిల్లా అనుకుంటే ‘ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా’ అనే రాయి. పాట కింద ఇచ్చే వివరంలో ఇప్పటి జిల్లా పేరు పెట్టి, రికార్డ్ చేసిన తేదీ పక్కన ఉంచు. ఈ పద్ధతిని పీఠికలో ఒక వాక్యంలో చెప్తే చాలు.

మార్చేటప్పుడు ‘రీప్లేస్ ఆల్’ ముట్టుకోవద్దు. ‘పాట’ బదులు ‘గేయం’ పెట్టమంటే ‘పాటలు’ కాస్తా ‘గేయంలు’ అవుతాయి, ‘పాటను’ ‘గేయంను’ అవుతుంది. ‘ఆటపాటలు’ గతి చెప్పనక్కర్లేదు. తెలుగులో మాటకు విభక్తి అతుక్కుని ఉంటుంది కాబట్టి ఒక్కొక్కటి చూసుకుంటూ మార్చాల్సిందే. దానికి ముందు ఇంకో పని చెయ్యి. ఎత్తి రాసిన పాటలన్నిటికీ, ఉల్లేఖనాలకీ, పుస్తకాల పేర్లకీ వర్డ్‌లో ఒక రంగు వెయ్యి. రంగున్న చోట చెయ్యి పెట్టొద్దు. పాటలో ఆమె ‘పోయిండు’ అని పాడితే అది ‘పోయిండు’గానే ఉండాలి, పాత పుస్తకం పేరులో ‘సాహిత్యము’ ఉంటే ‘ము’ పోకూడదు. నీ సొంత వాక్యాల్లో మాత్రం తెలంగాణ/తెలంగాణా, వలన/వల్ల, వ్రాసిన/రాసిన, వచ్చినవి/వచ్చాయి వంటి జంటల్లో ఒక్కోటి ఎంచుకుని కాగితం మీద రాసిపెట్టుకో. ఏది ఎంచుకున్నా పెద్ద పట్టింపు లేదు, నేనైతే గైడ్ వాడుకనే పట్టుకుని పోయిన.

అసలు పని కాలం దగ్గర ఉంది. సినాప్సిస్‌లో అంతా భవిష్యత్తు: ‘సేకరించనున్నాను’, ‘వర్గీకరించగలను’, ‘పరిశీలించబడుతుంది’. వీటిని ‘సేకరించాను’, ‘వర్గీకరించాను’ అని మార్చడం చేతికి తేలికే. కానీ మార్చిన మరుక్షణం అది ప్రణాళిక కాదు, సాక్ష్యం. ‘ఐదు మండలాల్లో పాటలు సేకరించనున్నాను’ అని ఉండి, నువ్వు నిజానికి నాలుగింటికే పోయి ఉంటే, ‘ఐదు మండలాల్లో సేకరించాను’ అనేది అబద్ధం అవుతుంది. అందుకే ఫీల్డ్ నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చో.

దీనికన్నా లోతైన చిక్కు ఇలాంటి వాక్యంలో ఉంది: ‘నాట్ల సమయంలో స్త్రీలు బృందంగా ఈ పాట పాడుతారు.’ పైకి తప్పేం లేదు. కానీ ఇది నీకెట్ల తెలిసింది? మడిలో నిలబడి విన్నవా? అయితే ‘పాడారు’ అని, ఊరు, తేదీ ఇవ్వు. వాళ్లమ్మ కాలంలో పాడేవాళ్లని ఆమె చెప్పిందా? అయితే ‘పాడేవారు’, చెప్పింది ఎవరో కూడా రాయాలి. ఇంటి అరుగు మీద కూర్చుని నీ ఫోన్ ముందు ఒక్కతే పాడిందా? అయితే ‘నేను అడిగినప్పుడు పాడి వినిపించింది’. ఇప్పటికీ అలవాటుగా సాగుతున్నదని నీకు రుజువు ఉన్నప్పుడే ‘పాడుతారు’. నా థీసిస్‌లో కూడా చాలా ‘పాడుతారు’లు ఇట్ల చూస్తే ‘పాడేవారు’గా తేలినయి. వైవాలో ఎగ్జామినర్ మొదట అడిగింది కూడా ఇదే.

పాట లోపలి సంగతి చెప్పేటప్పుడు లెక్క వేరు. ‘ఈ పాటలో కోడలు అత్తతో అంటుంది’ అని రాయొచ్చు, ఎందుకంటే పాట ఎప్పుడు చదివినా ఆ మాట అందులో ఉంటుంది. విమర్శకుల మాటలకు మాత్రం ఒకచోట ‘అంటారు’, ఇంకోచోట ‘అన్నారు’ వద్దు. ‘అన్నారు’ అన్నిటికీ సరిపోతుంది.

సెమినార్ పేపర్ అధ్యాయంలో ‘ఈ పత్రంలో’ అన్నవి ‘ఈ అధ్యాయంలో’ చెయ్యి. మక్తల్ పరిచయం మళ్లీ అందులో ఉంటే తీసేయి. ‘ఇటీవల’, ‘గత ఏడాది’, ‘ప్రస్తుతం’ అనేవి వెతికి సంవత్సరాలు వెయ్యి. 2018లో రాసిన ‘ఇటీవల’ ఇప్పుడు చదివేవాడిని తప్పుదారి పట్టిస్తుంది.

నోట్‌బుక్‌లో, రికార్డింగులో ఎక్కడా జవాబు దొరకని వాక్యాలు కొన్ని మిగుల్తాయి. పాడినామె ఉంటే ఒక ఫోన్ కొట్టు. లేకపోతే ఆ వాక్యంలో ‘పాడుతారు’ తీసేసి ‘పాడేవారని చెప్పింది’ అని ఆమె పేరు మీదనే ఉంచు. అది కూడా నోట్‌బుక్‌లో లేకపోతే ఆ వాక్యమే కొట్టెయ్యి.