తాతయ్య మనవరాలికి ఏం చూపించాలి?

"కథలో రిటైరైన వంతెనల ఇన్‌స్పెక్టర్, పాత రాతి కమాను ఎందుకు పడిపోదో మనవరాలికి చూపిస్తాడు. నడిమి రాయే బరువంతా మోస్తుందని రాస్తే సరిపోతుందా?"

సరిపోదండీ. నడిమి రాయిని చివర్న పెడతారు కాబట్టి దానికంత పేరు. మోసే పనిలో మిగతా రాళ్లూ దానితో సమానమే.

తాతయ్య చేత సబ్బును పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే ముక్కలుగా కోయించండి. గుండ్రటి డబ్బా మీద వంపుగా పేర్చి, రెండు చివర్లకూ ఇటుకలు ఆనించి, డబ్బా మెల్లగా లాగేయాలి. జిగురు లేకుండానే నిలబడుతుంది, ఎందుకంటే ప్రతి ముక్కా పక్కదాన్ని నొక్కుతోంది. ఇప్పుడు పాప ఒక ఇటుకను కాస్త జరపాలి. కమాను కాళ్లు ఎడమవుతాయి, నడుమ కుంగుతుంది, అక్కడ అడుగువైపు సందు తెరుచుకుంటుంది. బరువు పక్కలకు తన్నుతోందని పాపకు అప్పుడే అర్థమవుతుంది.

అందుకే అసలు వంతెన దగ్గర తాతయ్యను నడిమి రాయి ముందు నిలబెట్టకండి. ముందు చివరి గోడలు జరిగాయేమో చూస్తాడు, తర్వాత పిట్టగోడ మధ్యలో కుంగిందా అని ఒక కన్ను మూసి దాని వెంబడి చూస్తాడు.